ఉంగరం కణుపు దగ్గర ఆగిపోయింది

గత వేసవిలో ఏలూరులో మా మేనకోడలి నిశ్చితార్థం. తాంబూలాలు మార్చుకోవడం అయింది. పంతులుగారు ఉంగరాలు తొడగమన్నారు. అబ్బాయి తొడిగిన ఉంగరం అమ్మాయి వేలికి కుదురుగా కూర్చుంది. తర్వాత అమ్మాయి వంతు. ఉంగరం వేలి కొసనుంచి సాఫీగా జారి, మధ్య కణుపు దాకా వెళ్ళి, అక్కడ నిలబడిపోయింది. ఆ పిల్ల సిగ్గుపడుతూనే కొంచెం నెట్టింది. అబ్బాయి పళ్ళు బిగబట్టి నవ్వుతున్నాడు. ఫొటోగ్రాఫరేమో "అలాగే ఉంచండమ్మా, కదలకండి" అంటున్నాడు. కదిలితే కదా! చివరికి మా చెల్లెలు దాన్ని అల్లుడి చిటికెన వేలికి మార్పించి ఫొటోల గండం గట్టెక్కించింది.

తప్పు కంసాలిది కాదు. ఆయన చేతికి వచ్చిన కొలత 54 మిల్లీమీటర్లు, చేసిన ఉంగరం సరిగ్గా 54. ఆ కొలత పుట్టింది జనవరిలో, మినియాపోలిస్‌లో, బయట మంచు కురుస్తున్న ఒక పొద్దుటి పూట. అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. కొలత పంపమని ఇక్కడినుంచి ఫోను వెళితే, ముందు పార్సిలు పెట్టెకు కట్టిన పురికొస వేలికి చుట్టి కొలిచాడట. 59 వచ్చింది. నమ్మబుద్ధి కాక, గుండీలు కుట్టుకునే సన్న దారం తీసి, బాగా లాగి చుట్టి మళ్ళీ కొలిచాడు. ఈసారి 54. సన్న దారమే కచ్చితమని తేల్చుకుని ఆ అంకె వాట్సాప్‌లో పెట్టాడు. ఒకే వేలు, ఒకే గది, ఐదు నిమిషాల తేడా. రెండు అంకెల మధ్య ఐదు మిల్లీమీటర్ల దూరం.

ఈ ఐదూ ఎక్కడివో చూడాలంటే మన ఉంగరాల సైజుల లెక్క కాస్త తెలియాలి. మన దేశంలో దుకాణాల వాళ్ళు వాడే సైజు అంకెకు 40 కలిపితే, ఉంగరం లోపలి చుట్టుకొలత దాదాపుగా మిల్లీమీటర్లలో వచ్చేస్తుంది. 12వ సైజంటే సుమారు 52 మిల్లీమీటర్లు, 18 అంటే 58. అంటే ఒక్కో సైజుకూ చుట్టుకొలతలో తేడా ఒక్క మిల్లీమీటరే. దాన్ని 3.14తో భాగిస్తే లోపలి వెడల్పులో వచ్చే తేడా 0.32 మిల్లీమీటర్లు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు కాబట్టి, ఒక సైజంటే అందులో సగం కూడా లేదు. ఇంత సన్నని తేడాను మనం పురికొసతో పట్టుకోబోతున్నాం.

నేను పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. పురికొస దగ్గర ఒక మంచి లెక్క దాగుంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. తాడు వేలికి చుట్టినప్పుడు దాని లోపలి అంచు చర్మాన్ని తాకుతుంది, బయటి అంచు దూరంగా ఉంటుంది. విప్పి స్కేలు మీద సాగదీసినప్పుడు మనం చదివేది ఆ రెండు అంచుల్లో దేన్నీ కాదు, తాడు నడిమి గీతను. తాడు మందం ఒక మిల్లీమీటరు అనుకోండి. నడిమి గీత చర్మానికి అన్ని వైపులా అర మిల్లీమీటరు ఎడంగా ఉంటుంది కాబట్టి, మనం కొలిచిన వలయం వెడల్పు వేలికంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ. చుట్టుకొలతలో అది 3.14 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే మూడు సైజులు ఎగిరిపోయాయి. తమాషా ఏమిటంటే ఈ అదనం వేలి లావును బట్టి మారదు. చంటిపిల్ల వేలైనా పహిల్వాను వేలైనా మిల్లీమీటరు తాడు కలిపేది అదే 3.14. మా అల్లుడి పురికొస మందం మిల్లీమీటరున్నర ఉంటుంది. అది ఒక్కటే నాలుగున్నర మిల్లీమీటర్లకు పైగా కలిపింది.

మరి సన్న దారం? మందం వల్ల అది కలిపేది తక్కువే, కానీ తీసేసేది ఎక్కువ. సన్న దారాన్ని లాగితే చర్మంలోకి దిగుతుంది. వేలి మొదట్లో ఎముకకూ చర్మానికీ నడుమ మెత్తటి కండ ఉంటుంది. బిగించిన కొద్దీ అది లోపలికి పోతుంది. పైగా కుట్టుదారం సాగుతుంది. చుట్టినప్పుడు సాగి ఉన్నది, స్కేలు మీద పెట్టేసరికి ముడుచుకుంటుంది. ఈ రెండు తప్పులూ ఒకే వైపుకు లాగుతాయి, కొలత చిన్నదవుతుంది. దారం తీశాక వేలి చుట్టూ ఎర్రటి గీత కనిపించిందంటే ఆ కొలతను పక్కన పారేయొచ్చు.

అందుకే ఇంట్లో కొలవాల్సి వస్తే నేను కాగితాన్నే నమ్ముతాను. జిరాక్సు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. అది కలిపే తప్పు 0.3, అంటే సైజులో మూడో వంతు. కాగితం సాగదు, చర్మంలోకి కోసుకుపోదు. చేయబోయే ఉంగరం పట్టీ ఎంత వెడల్పో కాగితం ముక్క కూడా అంతే వెడల్పున కత్తిరించాలి. ఇది చాలామంది పట్టించుకోని సంగతి. రెండు మిల్లీమీటర్ల సన్న ఉంగరానికి చాలిన కొలత, ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు పట్టీకి చాలదు. వెడల్పు పట్టీ వేలిని ఎక్కువ మేర కప్పుతుంది, దాని కింద నలిగిన కండ పక్కకు పోవడానికి చోటు దొరకదు, బిగుతుగా తోస్తుంది. సగం సైజో ఒక సైజో పెంచుకోవాలి. దుకాణంలో గుత్తిగా వేలాడే సైజు రింగులు సన్నగా ఉంటాయి. వాటితో కొలిపించుకుని వెడల్పు పట్టీ ఉంగరం కొనుక్కొచ్చినవాళ్ళు ఇంటికొచ్చాక గొణుక్కునేది ఇందుకే.

కాగితం ముక్క పదిహేను సెంటీమీటర్ల పొడవుంటే చేతికి అనుకూలం. వేలి మొదట్లో, ఉంగరం కూర్చునే చోట చుట్టి, ఒక కొస మరొక దాని మీదుగా పోనిచ్చి, బిగించకుండా, వదులుగా వేలాడకుండా పట్టుకోవాలి. చుట్టిన ముక్కను వేలి మీద అటూ ఇటూ తిప్పితే తిరగాలి, కానీ దానంతటది జారకూడదు. పై కొస కింద కాగితం మీద ఎక్కడ ఆగిందో అక్కడ బాగా చెక్కిన పెన్సిలుతో గీత పెట్టాలి. మొద్దు పెన్సిలు గీతే అర మిల్లీమీటరు మింగేస్తుంది. విప్పి కొలిచేటప్పుడు స్కేలు చివరనుంచి కాక సున్నా గీతనుంచి కొలవాలి. చాలా స్కేళ్ళకు సున్నా అంచుమీద ఉండదు, కొంచెం లోపలికి ఉంటుంది. నా క్లాసులో నలభై ఏళ్ళు మొత్తుకున్నా పిల్లలు చేసిన తప్పు ఇదే. చేయి సాయం అడిగితే మంచిది, ఒంటి చేత్తో కాగితాన్ని సరిగా పట్టుకోవడం కష్టం. చుట్టు కాస్త ఏటవాలుగా పోయిందని మాత్రం కంగారు పడక్కర్లేదు. 52 మిల్లీమీటర్ల వేలి మీద ఐదు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా పెరిగేది పావు మిల్లీమీటరే.

నెట్‌లో దొరికే సైజు పట్టీని ప్రింటు తీసి వాడేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. ప్రింటరు పేజీకి సరిపోయేలా బొమ్మను కుదించేస్తుంది, మనకు తెలియదు. ప్రింటు తీసిన పట్టీ పక్కన ఉన్న స్కేలు గీతల మీద ఏటీఎం కార్డు పెట్టి చూడండి. కార్డు పొడవు 85.6 మిల్లీమీటర్లు. అక్కడ అంకె వేరేగా ఉంటే ఆ కాగితం చెత్తబుట్టకే.

కొలత దొరికాక పంపేది సైజు నంబరు కాదు, మిల్లీమీటర్లు. అమెరికా 8వ సైజు సుమారు 57 మిల్లీమీటర్లు, మన 8వ సైజు 48. రెండూ "ఎనిమిదే". ఇంగ్లండులో అయితే అంకెలు కాదు, ఏ, బీ, సీ అక్షరాలు.

సరే, కాగితంతో జాగ్రత్తగానే కొలిచామనుకుందాం. అయినా మా అల్లుడి ఉంగరం ఏలూరులో ఎక్కేది కాదు. ఎందుకంటే కాగితం చెప్పేది ఆ నిమిషంలో ఆ వేలి సంగతి. వేలు రోజంతా ఒకే లావున ఉండదు.

వేళ్ళ చర్మంలో ధమనుల నుంచి సిరల్లోకి నేరుగా పోయే చిన్న చిన్న అడ్డదారులుంటాయి. ఒంట్లో వేడి పెరిగితే అవి తెరుచుకుంటాయి, వేళ్ళలోకి రక్తం పోటెత్తుతుంది, వేడి బయటికి పోతుంది. చలి తగిలితే మూసుకుంటాయి, ఒంటి వేడి లోపలే నిలుస్తుంది. మండుటెండలో బస్టాండు నుంచి నడిచి వచ్చినప్పుడు వేళ్ళు ఉబ్బి, పిడికిలి బిగించబోతే బిగుసుకోనట్టుండేది ఈ తలుపులు తెరుచుకున్నందువల్లే. చేతులు కిందికి వేలాడేసి చాలాసేపు నడిస్తే ఆ ఉబ్బు ఇంకాస్త పెరుగుతుంది. రాత్రి ఆవకాయ దండిగా కలుపుకుని తింటే ఒంట్లో ఉప్పు పట్టి ఉంచిన నీరు పొద్దున వేళ్ళలో తెలుస్తుంది. గర్భిణులకూ, చాలాసేపు విమానంలో కూర్చున్నవాళ్ళకూ ఇది మరీ ఎక్కువ.

వేసవిలో ఉంగరం బిగిస్తే "బంగారం వేడికి మారింది" అనేవాళ్ళున్నారు. అది బంగారం మీద నింద. నిజానికి వేడికి ఉంగరం పెరుగుతుంది, చిన్నదవదు. ఆ పెరగడం కూడా ఎంతని? ఒక డిగ్రీ పెరిగితే బంగారం పొడవు పది లక్షల్లో 14 వంతులు పెరుగుతుంది. 58 మిల్లీమీటర్ల ఉంగరాన్ని 20 డిగ్రీల గదిలోంచి 45 డిగ్రీల ఎండలోకి తీసుకొస్తే దాని చుట్టుకొలత మిల్లీమీటరులో యాభయ్యో వంతు పెరుగుతుంది. సైజులో యాభయ్యో వంతు! మారేదంతా వేలే.

ఇక్కడ మన ఊళ్ళలో ఒక చిక్కు ఉంది. మే నెలలో ఉంగరం కొనడానికి వెళతాం. ఎండలో వచ్చి దుకాణంలోకి అడుగు పెట్టగానే కొలిస్తే వేలు ఉబ్బి ఉంటుంది. పోనీ అని ఏసీలో గంటసేపు కూర్చుని, చల్లటి మజ్జిగ గ్లాసు ఆ చేత్తోనే పట్టుకుని, డిజైన్లన్నీ చూశాక కొలిస్తే వేలు సన్నబడి ఉంటుంది. అప్పుడు సరిపోయిన ఉంగరం ఇంటికెళ్ళే దారిలోనే బిగుస్తుంది. ఎక్కువమంది చేసేది రెండోదే, ఎందుకంటే డిజైను తేలాకే సైజు గుర్తొస్తుంది. మామూలు గదిలో, సాయంత్రం పూట, పని ముగించి కాస్త కుదుటపడ్డాక కొలిచినది నమ్మదగ్గది. పొద్దున లేవగానే, స్నానం చేసిన వెంటనే, నడక నుంచి రాగానే కొలవకూడదు. ఒక్కసారి కాదు, రెండు మూడు రోజులు కొలవాలి. అంకెలన్నీ దగ్గర దగ్గరగా వస్తే వాటి నడిమిది తీసుకోవచ్చు. రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ పోతుంటే మీ వేలు వాతావరణానికి బాగా స్పందించేదని తెలిసినట్టే, అప్పుడు పెద్ద కొలత వైపే మొగ్గాలి.

వేలు ఎలా ఉబ్బుతుందో చూశాక, ఎక్కడ ఉబ్బుతుందో కూడా చూడాలి. నా మటుకు అసలు విషయం ఇదే. వేలి మొదట్లో కండ ఉంది, అందుకని అక్కడ వేడికీ చలికీ మార్పు బాగా కనిపిస్తుంది. కణుపు దగ్గర ఉన్నదంతా ఎముకా, కీలూ, పైన పలచటి చర్మమూ. అది పెద్దగా మారదు. అంటే వేసవిలో మొదలు లావై కణుపుకు దగ్గరపడుతుంది, చలికాలంలో మొదలు సన్నబడి కణుపు మరింత పొడుచుకొచ్చినట్టవుతుంది. ఉంగరమేమో కణుపును దాటి వెళ్ళాలి, మొదట్లో నిలవాలి. రెండు చోట్లకూ రెండు కొలతలు అవసరం. దారం పట్టుకున్నవాళ్ళలో నూటికి తొంభైమంది మొదట్లో కొలిచి ఊరుకుంటారని మా కంసాలి అంటాడు.

ఆయనకు అరవై దాటాయి. నిశ్చితార్థం మర్నాడు ఉంగరం తీసుకుని వెళితే చేతిలో పెట్టుకుని తిప్పి చూసి, "బాబును తీసుకురండి మేష్టారూ, అంకె వద్దు, వేలు కావాలి" అన్నాడు. సాయంత్రం అల్లుణ్ణి తీసుకెళ్ళాను. ఆయన ముందు సైజు రింగుల జోలికి పోలేదు. అల్లుడి చేయి పట్టుకుని, ఉంగరపు వేలి కణుపును రెండు వైపులా బొటనవేలితో చూపుడువేలితో నొక్కి చూశాడు.

"క్రికెట్టు ఆడేవారా బాబూ?"

"ఆడేవాణ్ణండి. కీపింగ్."

"ఈ కణుపుకు దెబ్బ తగిలింది."

తగిలిందట, ఇంజినీరింగు రెండో ఏడాదిలో. కణుపు పక్కలకు వెడల్పై ఉంది. కాగితంతో కొలిస్తే మొదట్లో 57, కణుపు మీద 59న్నర.

పక్కలకు వెడల్పైన కణుపుతో కాగితం ఇంకో మోసం చేస్తుంది. కణుపు గుండ్రంగా ఉండదు, పై నుంచి కిందికి తక్కువ, పక్కనుంచి పక్కకు ఎక్కువ. కాగితం మెత్తనిది కనుక ఆ ఆకారానికి ఒదిగి చుట్టుకొలత చెబుతుంది. ఉంగరం ఒదగదు, అది గుండ్రమే. వెడల్పు ఎక్కడ ఎక్కువో అక్కడ తగులుకుంటుంది. ఉదాహరణకు కణుపు అడ్డంగా 20, నిలువుగా 17 మిల్లీమీటర్లు ఉందనుకోండి, దాని చుట్టుకొలత 58కి కాస్త పైగా వస్తుంది. 58 చుట్టుకొలత ఉన్న ఉంగరం లోపలి వెడల్పు మాత్రం పద్దెనిమిదిన్నరే. 20లోంచి పద్దెనిమిదిన్నర వెళ్ళదు కదా అంటే, వెళుతుంది, కానీ నేరుగా కాదు. ఉంగరాన్ని కాస్త వాలుగా పట్టి ఒక పక్క ముందు దాటించి, తిప్పుతూ రెండో పక్క దాటిస్తాం, చర్మం కొంత సర్దుకుంటుంది. ఉంగరం పెట్టుకునేటప్పుడు మనందరం తెలియకుండానే చేసే ఆ మెలిక ఇదే. మెలికకూ ఒక హద్దుంది. అందుకే కణుపు బాగా చదునుగా వెడల్పుగా ఉన్నవాళ్ళు కాగితం కొలత మీదే పడకుండా, చేతిలో ఉన్న పాత ఉంగరాన్నో ఇంట్లోవాళ్ళ ఉంగరాన్నో కణుపు దాటించి చూసుకోవాలి. ఏది కాస్త ఇబ్బందితో దాటిందో దాని లోపలి వెడల్పును స్కేలుతో కొలిచి 3.14తో గుణిస్తే చుట్టుకొలత వచ్చేస్తుంది. అసలు ఉంగరమే కొలిచిపెట్టినట్టు.

మొదలుకూ కణుపుకూ తేడా ఒక మిల్లీమీటరు లోపు ఉంటే మొదటి కొలతే తీసుకుంటారు, చర్మం అంతమాత్రం సర్దుకుపోతుంది. తేడా రెండు, మూడు, అంతకు పైన ఉంటే మధ్యలో ఒక అంకె ఎంచాలి. కణుపును కొంచెం తోస్తే దాటాలి, తీసేటప్పుడు ఉంగరం వెనక చర్మం మడత పడి కాస్త ప్రతిఘటించాలి, ఆ రెండింటికీ సరిపోయే అన్నిటికంటే చిన్న సైజు ఏదో అదే. మా కంసాలి రింగుల గుత్తిలోంచి 17 తీసి ప్రయత్నించాడు, కణుపు దగ్గర అల్లుడు మొహం ముడుచుకున్నాడు. 18 తీశాడు. ఒక మెలికతో దాటింది. తీసేటప్పుడు చర్మం మడతపడింది. "ఇదే" అన్నాడు.

కణుపులు లేచి ఉన్నవాళ్ళకు ఇదో తలనొప్పిలా కనిపిస్తుంది కానీ, వాళ్ళకు ఒక రక్ష ఉంది. చలికాలంలో మొదలు ఎంత సన్నబడినా కణుపు కాపలా కాస్తుంది. ఉంగరం గిర్రున తిరుగుతుందే తప్ప రాలిపోదు. నిజంగా ఉంగరాలు పోగొట్టుకునేది రెండో రకం వాళ్ళు. మొదట్లో బొద్దుగా ఉండి కొసకు సన్నబడే వేళ్ళున్నవాళ్ళు. వాళ్ళకు ఉంగరం ఎక్కడా తగలకుండా ఎక్కుతుంది, అందుకే "ఎంత బాగా సరిపోయిందో" అనుకుంటారు. డిసెంబరులో చన్నీళ్ళలో చేతులు పెట్టి, సబ్బు రాసుకుంటుంటే వేలు సన్నబడి, ఉంగరం సబ్బు నురగతో పాటు సింకు గొట్టంలోకి పోతుంది. వాళ్ళు మాత్రం మొదటి కొలతనే తీసుకుని, ఒక సగం సైజు బిగువుగానే చేయించుకోవాలి. మరీ వేసవి మధ్యాహ్నం కొలిచిన అంకెను అలాగే ఇస్తే శీతాకాలంలో పశ్చాత్తాపం తప్పదు. చిన్నపిల్లల వేళ్ళూ ఈ కోవవే.

వయసు పైబడ్డవాళ్ళలో కీళ్ళనొప్పులతో కణుపులు బుడిపెల్లా పెరుగుతాయి, అదే సమయంలో వేలి మొదలు ఎండిపోతుంది. మా అమ్మ పెళ్ళినాటి ఉంగరం చివరి పదేళ్ళూ తీయలేదు. తీయాలంటే కణుపు ఒప్పుకునేది కాదు. పెట్టుకుని ఉంటే కిందకీ పైకీ దొర్లేది. అలాంటి చేతులకు ఎంత జాగ్రత్తగా కొలిచినా ఒక్క సైజుతో సమస్య తీరదు. ఉంగరం కణుపుకు సరిపడా పెద్దదిగా చేసి, లోపల అడుగు వైపున, గడియారం ముల్లు నాలుగూ ఎనిమిదీ చూపే చోట్ల, చిన్న బంగారు గింజలు రెండు టంకం పెట్టి అతుకుతారు. కణుపును దాటేటప్పుడు గింజలు మెత్తటి పక్కల్లో దారి చేసుకుని వెళతాయి. దాటాక మొదట్లో ఆ గింజలు పట్టుకుని ఉంగరం తిరగకుండా ఆపుతాయి. పైన రాయి ఉండి బరువుగా పక్కకు వాలిపోయే ఉంగరాలకు ఇది మరీ నప్పుతుంది. గింజలకు బదులు లోపల గుర్రపు నాడా ఆకారంలో స్ప్రింగు పట్టీ పెట్టే పద్ధతీ ఉంది. కణుపులు మరీ పెద్దవైతే ఒక పక్క బందు పెట్టి తెరిచి మూసే ఉంగరం చేస్తారు, కణుపును దాటించే బాధే లేదు.

ఇవన్నీ చెప్పాక పవిత్రం గుర్తొస్తోంది. కర్మలు చేసేటప్పుడు ఉంగరపు వేలికి పెట్టుకునే దర్భ ఉంగరం. అప్పటికప్పుడు మెలేసి ముడి వేస్తారు, కణుపు దగ్గర ఎంత కావాలంటే అంత సర్దుకుంటుంది, పని అవగానే విప్పేస్తారు. సైజు బాధ లేని ఉంగరం అదొక్కటే. బంగారానికి ఆ సుఖం లేదు.

బంగారు ఉంగరాన్ని పెంచడం ఎలాగో చెబుతాను. 54 నుంచి 58కి అంటే నాలుగు మిల్లీమీటర్లు. ఇంత తేడాకు ఉంగరాన్ని సాగగొడితే పట్టీ పలచబడుతుంది, నగిషీ వంకర పోతుంది. కంసాలి అడుగు వైపున కోసి, నాలుగు మిల్లీమీటర్ల ముక్క కలిపి అతుకుతాడు. మా అల్లుడి ఉంగరం పట్టీ నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, ఇంచుమించు రెండు మిల్లీమీటర్ల మందం. లెక్కేసి చూస్తే కలపాల్సిన 22 క్యారెట్ల బంగారం అర గ్రాము పైచిలుకు. అంటే జనవరిలో దారాన్ని గట్టిగా లాగినందుకు మేలో అర గ్రాము బంగారమూ, టంకం పనీ. ఇంకా నయం, చుట్టూ రాళ్ళు పొదిగిన ఉంగరం కాదు. రాళ్ళు వరసగా పొదిగినవాటిని కోసి కలపడానికి చోటు ఉండదు, మళ్ళీ చేయించుకోవాల్సిందే. అలాంటివి చేయించుకునేవాళ్ళు మాత్రం అంకెను ఒకటికి నాలుగుసార్లు చూసుకోవాలి.

బిగిసిపోయిన ఉంగరం సంగతి కూడా ఒక్క మాట. చెయ్యి గుండె కంటే పైకి ఎత్తి కాసేపు ఉంచి, చన్నీళ్ళలో ముంచి, సబ్బునీళ్ళు రాసి, తిప్పుతూ తీయాలి. వేలు మరీ చాలాసేపు మంచునీళ్ళలో ఉంచితే లాభం లేదు, కొన్ని నిమిషాల తర్వాత రక్తనాళాలు వాటంతటవే తెరుచుకుని వేలు మళ్ళీ వెచ్చబడుతుంది. థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు 1930లోనే దీన్ని రాసిపెట్టాడు. వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, లాగుతూ కూర్చోకుండా ఆస్పత్రికి పోవాలి. అక్కడ ఉంగరం కోసే పనిముట్టు ఉంటుంది.

మా అల్లుడి ఉంగరం సంగతికి వస్తే, ఆ సాయంత్రం 18వ సైజు ఖాయం చేసుకుని కూడా కంసాలి వెంటనే ఉంగరం ముట్టలేదు. "ఇది ఏలూరు వేలు మేష్టారూ. బాబు ఉండబోయేది ఏలూరులో కాదుగా. అక్కడి వేలు కూడా చూసి గింజలు పెట్టాలో వద్దో చెబుతాను" అన్నాడు. అల్లుడు వెళ్ళేటప్పుడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు కాగితపు ముక్కలు కత్తిరించి ఇచ్చాను. మొదట్లో ఎలా కొలవాలో, కణుపు మీద ఎలా కొలవాలో ఇక్కడే రెండుసార్లు చేయించాను, పాత అలవాటు కదా.

ఈ జనవరిలో పెళ్ళి పనులకని వచ్చిన వాళ్ళ నాన్నగారు ఒక కవరు తెచ్చి ఇచ్చారు. లోపల నాలుగు కాగితపు ముక్కలు. ప్రతి దాని మీదా తేదీ, టైము, గదిలో ఎన్ని డిగ్రీలు, మొదలు, కణుపు అన్నీ రాసి ఉన్నాయి. మంచు రోజున మొదలు 55, కణుపు 59. వెచ్చటి గదిలో సాయంత్రం 56, కణుపు 59. కణుపు కొలత నాలుగు ముక్కల్లోనూ ఒక్క అర మిల్లీమీటరు దాటి కదల్లేదు. కంసాలి వాటిని బల్లమీద వరసగా పరిచి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. 58 ఉంగరానికి 55 మొదలు, మూడు మిల్లీమీటర్ల వదులు. ఇంగ్లీషులో రాసిన తేదీల మీద వేలు పెట్టి నన్ను అడిగి తెలుసుకున్నాడు. తర్వాత డ్రాయరు తీసి, ఆవగింజలంత బంగారు గింజలు రెండు అరచేతిలో పోసుకుని, "బాబుకు చెప్పండి, మళ్ళీ మే నెలలో వచ్చినప్పుడు వీటితో కూడా కణుపు దాటుతుందో లేదో ఒకసారి నా దగ్గర చూపించుకోమని" అన్నాడు.